కిలో ఖర్జూరంలో పది మిల్లీగ్రాములు

మా బంధువుల వాట్సాప్ గ్రూపులోకి ఒక ఫొటో తిరిగి తిరిగి వస్తూ ఉంటుంది. ఎర్రగా కోసిన బీట్‌రూట్ ముక్కలు, దానిమ్మ గింజలు, నాలుగు ఖర్జూరాలు, ఒక బెల్లం అచ్చు, వాటి మీద పెద్దక్షరాలతో "పది రోజుల్లో రక్తం పట్టాలంటే". నేను డిగ్రీ పిల్లలకి పోషకాహారం పాఠం చెప్తాను కాబట్టి, దాని కింద ఎవరో ఒకరు నా పేరు పెట్టి "నిజమేనా?" అని అడుగుతారు. ఈసారి అడిగింది మా పెద్దమ్మ చిన్న కోడలు. ఊరికే అడగలేదు, రక్తపరీక్ష రిపోర్టు కూడా పంపింది. హిమోగ్లోబిన్ 8.

"వదినా, రెండు నెలలుగా రోజూ గ్లాసు బీట్‌రూట్ జ్యూస్ తాగుతున్నా. అప్పుడు 8.1, ఇప్పుడు 8. మిక్సీలో వేస్తే అందులో ఐరన్ పోతుందా? పచ్చిది తురుముకుని తినాలా?"

ఆసుపత్రిలో ఇచ్చిన ఎర్ర మాత్రల సంగతి అడిగితే, వేడి చేస్తున్నాయని పక్కన పెట్టేసిందట. ఆమెకి అనుమానం మిక్సీ మీద వచ్చింది, వాడిన పద్ధతి మీద వచ్చింది, మాత్రల మీద వచ్చింది. బీట్‌రూట్ మీద మాత్రం రాలేదు. ఎర్రగా ఉంది కదా, రక్తం కాక ఇంకేమవుతుంది?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ తిండ్లు తింటే నష్టం లేదు. మందు జాగాలో వాటిని కూర్చోబెట్టినప్పుడు మాత్రం నెలలకి నెలలు పోతాయి. "దేంట్లో ఐరన్ ఉంది?" అనే ప్రశ్నతో మొదలుపెడితే ఈ సంగతి ఎప్పటికీ తేలదు, ఎందుకంటే ఐరన్ దాదాపు అన్నిట్లోనూ ఎంతో కొంత ఉంటుంది. ఎంత కావాలి, తిన్నదాంట్లో ఎంత ఒంట్లోకి వెళ్తుంది అని అడగాలి. కాగితం, పెన్ను ఉంటే చాలు.

ముందు బాకీ ఎంతో చూద్దాం

మా మరదలి బరువు 50 కిలోలు. అంత బరువున్న మనిషి ఒంట్లో రక్తం మూడుంపావు లీటర్లు ఉంటుంది. హిమోగ్లోబిన్ 8 అంటే ప్రతి 100 మిల్లీలీటర్ల రక్తంలో 8 గ్రాములు. అది 9కి రావాలంటే మొత్తం రక్తంలో కొత్తగా 32 గ్రాముల పైచిలుకు హిమోగ్లోబిన్ తయారవ్వాలి. ఒక్కో గ్రాము హిమోగ్లోబిన్‌లో 3.4 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. అంటే ఒక్క పాయింటు పెరగడానికి సుమారు 110 మిల్లీగ్రాముల ఐరన్ కావాలి. తిన్నది కాదు, పేగు దాటి రక్తంలో కలిసినది.

గర్భం లేని ఆడవాళ్ళకి 12 దాటితే రక్తహీనత లేనట్టు లెక్క. 8 నుంచి 12కి నాలుగు పాయింట్లు, అంటే 440 మిల్లీగ్రాములు. హిమోగ్లోబిన్ పడిపోయేనాటికే కాలేయంలో, మూలుగలో దాచుకున్న నిల్వ కూడా ఖాళీ అయిపోయి ఉంటుంది. దాన్ని నింపడానికి ఇంకో మూడు నాలుగు వందలు వేసుకోవాలి.

ఇది పాత బాకీ మాత్రమే. రోజువారీ ఖర్చు వేరే ఉంది. చర్మం, పేగు పొరల కణాలు రాలిపోతూ ఉంటే రోజుకి మిల్లీగ్రాముకి అటూ ఇటుగా పోతుంది. నెలసరిలో 40 మిల్లీలీటర్ల రక్తం పోయే ఆరోగ్యవంతురాలికి రోజుకి సగటున ఇంకో అర మిల్లీగ్రాము. మామూలు భోజనంలో వచ్చే ఐరన్ ఈ ఖర్చుకే అతి కష్టం మీద సరిపోతుంది. మన అన్నం పప్పు కూరల భోజనంలో ఉన్న ఐరన్‌లో ఆడవాళ్ళ ఒంటికి పట్టేది 8 శాతమే అని లెక్క వేసి, 2020లో ఐసీఎంఆర్, జాతీయ పోషకాహార సంస్థ కలిసి ఆడవాళ్ళు రోజుకి 29 మిల్లీగ్రాములు తినాలన్నాయి. చాలా ఇళ్ళలో కంచంలోకి అందులో సగం రావడమే గొప్ప.

ఈ నేపథ్యంలో గ్లాసు జ్యూస్ ఎంతటిదో చూద్దాం.

బీట్‌రూట్, ఖర్జూరం, బెల్లం

వంద గ్రాముల బీట్‌రూట్‌లో ఉండే ఐరన్ 0.8 మిల్లీగ్రాములు. గ్లాసు జ్యూస్‌కి 150 గ్రాములు వేశామనుకుందాం, 1.2 మిల్లీగ్రాములు. వడకట్టి పిప్పి పారేసినా ఐరనంతా జ్యూస్‌లోకే దిగిందనుకుందాం. ఐరన్ తక్కువున్న ఒళ్ళు మామూలు కంటే ఎక్కువ పీల్చుకుంటుంది, అది నిజమే, కాబట్టి 8 శాతం బదులు ఉదారంగా 15 శాతం వేద్దాం. ఒంటికి పట్టేది 0.18 మిల్లీగ్రాములు. రోజువారీ ఖర్చంతా మిగతా భోజనమే భరించి, ఈ గ్లాసు మొత్తం బాకీకే పోయిందనుకున్నా, 110 మిల్లీగ్రాములు జమవడానికి ఆరువందల రోజులు దాటుతుంది. ఒక్క పాయింటుకి ఏడాదిన్నర పైన! మిక్సీ తప్పేం లేదు పాపం.

బీట్‌రూట్‌కి వేరే గుణాలు లేవని కాదు. ఫోలేట్ బాగా ఉంటుంది, రక్తకణాలు తయారవ్వడానికి అదీ కావాలి. అందులోని నైట్రేట్ల వల్ల రక్తపోటు కాస్త తగ్గుతుందని కూడా పరిశోధనలు ఉన్నాయి. కానీ ఆ ఎరుపు బీటలైన్లు అనే రంగు పదార్థాలది, ఐరన్‌కీ దానికీ చుట్టరికం లేదు. ఇంకో తమాషా. బీట్‌రూట్ తిన్నాక కొందరికి మూత్రం గులాబీ రంగులో వస్తుంది. ఐరన్ లోపం ఉన్నవాళ్ళలో ఇది మామూలు వాళ్ళ కంటే ఎక్కువగా కనిపిస్తుంది. అది చూసి ఒంట్లో రక్తం ఎక్కువైందని మురిసిపోయిన ఆవిడ నాకు తెలుసు. పరీక్ష చేయిస్తే 9 కూడా లేదు.

ఖర్జూరం విషయంలో కొంచెం ఆగాలి, ఎందుకంటే రెండు రకాలున్నాయి. ప్యాకెట్లలో వచ్చే మెత్తని ఖర్జూరంలో వందకి ఒక మిల్లీగ్రాము. గట్టిగా ఉండే ఎండు ఖర్జూరానికి మన పాత పోషక విలువల పట్టికల్లో 7 పైనే రాసి ఉంది. ఆ పెద్ద అంకెనే తీసుకుందాం. రోజుకి నాలుగు ఎండు ఖర్జూరాలు, గింజ తీసేస్తే 30 గ్రాములు, ఐరన్ రెండు మిల్లీగ్రాములు, ఒంటికి పట్టేది మహా అయితే 0.3. మెత్తనివైతే అందులో ఏడో వంతు.

బెల్లం కథ ఇంకా గమ్మత్తు. పాత పుస్తకాల్లో వంద గ్రాములకి 11 పైన కనిపిస్తుంది, తర్వాతి పట్టికల్లో అది మూడు, నాలుగు దగ్గరికి దిగిపోయింది. బెల్లంలోని ఐరన్‌లో కొంత చెరకుది, కొంత కాచిన పెనానిది. ఏ పెనంలో కాచారు, ఎంతసేపు కాచారు, ఎంత తెల్లబరిచారు అన్నదాన్ని బట్టి అంకె మారుతూ ఉంటుంది. ఐదు ఉందనుకున్నా, రోజూ తినే 20 గ్రాముల ముక్కలో ఒక్క మిల్లీగ్రాము. ఒక్క ప్రభుత్వ మాత్రలో ఉండే 60 మిల్లీగ్రాములు బెల్లంతో అందుకోవాలంటే కిలో పైన తినాలి. షుగర్ ఉన్న మా మేనత్త "చక్కెర మానేశాను, రక్తం కోసం బెల్లమే వేసుకుంటున్నా" అని కాఫీలో రెండు చెంచాలు వేసుకుంటుంది. ఆవిడకి షుగర్ గ్యారంటీగా పెరుగుతుంది, రక్తం సంగతి కాఫీయే చూసుకుంటుంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

దానిమ్మ గురించి ఎక్కువ రాయక్కర్లేదు. వందకి 0.3. ఆపిల్ అంతకన్నా తక్కువ. ఆసుపత్రికి పలకరించడానికి వెళ్తూ తీసుకెళ్ళే పళ్ళు అవి. అలాగే తీసుకెళ్ళండి.

"మరి మా కోడలికి పెరిగిందిగా?"

ఈ ప్రశ్న వదిలేస్తే పైన వేసిన లెక్కంతా దండగ. మనిషి తన కళ్ళతో చూసినదాన్ని అంకెలతో కొట్టేస్తే ఎందుకు ఒప్పుకుంటుంది? ఖర్జూరం తిన్నాక పెరిగిన హిమోగ్లోబిన్లు నిజంగానే ఉన్నాయి. ఎలా పెరిగాయో చూద్దాం.

తెలంగాణలో 2022 డిసెంబరులో గర్భిణులకి కేసీఆర్ న్యూట్రిషన్ కిట్ అని ఒక బుట్ట ఇవ్వడం మొదలుపెట్టారు. అందులో కిలో ఖర్జూరం ఉండేది. న్యూట్రిషన్ పొడి, అర కిలో నెయ్యి, నులిపురుగుల మాత్ర, మూడు ఐరన్ సిరప్ సీసాలు కూడా ఉండేవి. మూడు నెలలయ్యాక పరీక్షలో రెండు పాయింట్లు పెరిగితే ఆ ఇంట్లో దేనికి పేరొస్తుంది? చేదు సిరప్‌కి ఎవరూ మంచి పేరు ఇవ్వరు. మెత్తని ఖర్జూరమైతే కిలో మొత్తానికి పది మిల్లీగ్రాముల ఐరన్, అంటే ఒక్క మాత్రలో ఆరో వంతు. ఆ బుట్ట ఇవ్వడాన్ని నేను తప్పు పట్టను, గర్భిణికి కేలరీలూ కావాలి, పీచూ కావాలి. ఐరన్ మందుతో వచ్చే మలబద్ధకానికి ఖర్జూరం పనికొస్తుంది కూడా. పని సిరప్ చేస్తుంది, పేరు ఖర్జూరానికి పోతుంది, రెండో కాన్పుకి ఇంట్లో పెద్దవాళ్ళు "సిరప్ ఎందుకే, ఖర్జూరాలు తిను" అంటారు. నా బాధ అక్కడ.

ఏ మందూ వాడకుండా పెరిగినవాళ్ళు కూడా ఉంటారు. గర్భంలో నీరు చేరి రక్తం పలచబడటం వల్ల నడిమి నెలల్లో హిమోగ్లోబిన్ తగ్గి కనిపిస్తుంది, కాన్పయ్యాక ఆ నీరు తగ్గితే దానంతట అదే కొంత పైకి వస్తుంది. సరిగ్గా ఆ నెలల్లోనే బాలింతకి బెల్లం ముక్క పెడతాం. ఇక పరీక్షలో తేడాలు. ఒకసారి వేలికి సూది గుచ్చి చూసినది, ఇంకోసారి నరంలోంచి తీసి యంత్రంలో పెట్టినది పక్కపక్కన పెడితే అర పాయింటు తేడా రావడం వింతేమీ కాదు. మా మరదలి 8.1, 8 కూడా తగ్గినట్టు కాదు, రెండూ ఒకటే అంకె.

కాఫీ, జామకాయ

తిండి వల్ల లాభమే లేదంటున్నానని అనుకోకండి. ఉంది. అయితే కొత్తగా ఏదో తెచ్చుకోవడం కంటే, ఇప్పటికే కంచంలో ఉన్న ఐరన్‌లో ఎంత పోగొట్టుకుంటున్నాం అన్నదాంట్లో ఎక్కువ తేడా వస్తుంది.

ఆకుకూరలు, పప్పులు, రాగులు, బెల్లం, వీటన్నిట్లో ఉండే ఐరన్ ఒంటరిగా పేగు దాటలేదు. గింజల్లోని ఫైటేట్, టీ కాఫీల్లోని పాలీఫినాల్స్ దాన్ని పట్టుకుని వదలవు. 1983లో అచ్చయిన ఒక అధ్యయనంలో భోజనంతో పాటు కాఫీ తాగితే ఐరన్ ఇంకడం 39 శాతం తగ్గింది, టీ తాగితే 64 శాతం. నాకు అందులో అన్నిటికన్నా పనికొచ్చిన సంగతి వేరే ఉంది. భోజనానికి గంట ముందు తాగిన కాఫీ ఏమీ చెయ్యలేదు, తిన్న గంటకి తాగిన కాఫీ మాత్రం భోజనంతో తాగినంతే దెబ్బ కొట్టింది. మనం సరిగ్గా తిరగేసి చేస్తాం. టిఫిన్ తినగానే గ్లాసు, అన్నం తిని కునుకు తీసి లేవగానే ఇంకో గ్లాసు.

సీ విటమిన్ దీనికి విరుగుడు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవాళ్ళు అన్నం భోజనంతో పాటు జామకాయ పెట్టి కౌమారంలో ఉన్న పిల్లల్లో కొలిచారు, 2013లో ఆ ఫలితం వచ్చింది. ఐరన్ ఇంకడం రెట్టింపు దాటింది. జామకాయలో ఐరన్ చెప్పుకోదగ్గంత ఉండదు, అందుకే అది వాట్సాప్ ఫొటోలోకి ఎక్కలేదు. పైగా లోపల తెల్లగా ఉంటుంది. అది భోజనంతో పాటే తినాలి, సాయంత్రం నాలుగింటికి ఉప్పూకారం చల్లుకుని తింటే మధ్యాహ్నం తిన్న తోటకూరకి ఒరిగేదేమీ లేదు. పప్పు దించాక పిండిన నిమ్మకాయ కూడా ఆ పని చేస్తుంది, మరుగుతున్నప్పుడే పిండితే సీ విటమిన్ చాలావరకు పోతుంది.

పెరుగు సంగతి నన్ను ఇబ్బంది పెడుతుంది. కాల్షియం ఐరన్‌కి అడ్డం పడుతుందని ఒక్కపూట భోజనాల మీద చేసిన ప్రయోగాలు చెప్తాయి. నెలల తరబడి చూసిన ప్రయోగాల్లో హిమోగ్లోబిన్ మీద పెద్ద ప్రభావం కనిపించలేదు. పెరుగన్నం మానమని నేనెవరికీ చెప్పను, నేనూ మానలేదు. మాత్రని మాత్రం పాలతో మింగకండి.

ఇనుప మూకుడు గురించి కూడా ఒక మాట. అమెరికాలో 1986లో ఆపిల్ గుజ్జుని ఇనుప పాత్రలో వండి కొలిస్తే, వంద గ్రాముల్లో 0.35 ఉన్న ఐరన్ 7 దాటింది. పులుపు ఇనుమును కరిగిస్తుంది. మన పులుసుకూరలకి ఇంతకన్నా తగిన పాత్ర లేదు. బీట్‌రూట్‌లో ఉన్నదానికన్నా, దాన్ని వండే మూకుడులోనే ఎక్కువ ఐరన్ ఉందన్నమాట. నాన్‌స్టిక్ వచ్చాక అవి అటకెక్కాయి.

ఫొటోలోకి రాని తిండి

రక్తం నుంచి, మాంసం నుంచి వచ్చే హీమ్ ఐరన్ దారి వేరు. టీ, ఫైటేట్ దాన్ని పెద్దగా ఆపలేవు, 15 నుంచి 35 శాతం దాకా ఇంకుతుంది. కోడి కార్జంలో వందకి 9 మిల్లీగ్రాముల దాకా ఐరన్ ఉంటుంది, అందులో కొంత భాగమే హీమ్ కాబట్టి ఒంటికి పట్టేది ఒక మిల్లీగ్రాము, మహా అయితే ఒకటిన్నర. బీట్‌రూట్ గ్లాసుకి ఆరేడు రెట్లు. అదీ రోజూ తినగలిగేది కాదు. విటమిన్ ఏ మరీ ఎక్కువగా ఉంటుంది కాబట్టి గర్భిణులు, ముఖ్యంగా మొదటి నెలల్లో, కార్జం ఎక్కువగా తినకూడదు.

తెలంగాణలో మేక రక్తాన్ని ఉడికించి వేపుడు చేసుకుంటారు, నల్ల అంటారు. వంద గ్రాముల రక్తంలో పది గ్రాముల హిమోగ్లోబిన్ ఉందనుకుంటే ఐరన్ 34 మిల్లీగ్రాములు, ఐదో వంతు ఇంకినా ఏడు దాకా. ఇన్ని తిండ్లలో మందుతో పోటీకి నిలబడగలిగేది నా లెక్కలో ఇదొక్కటే. శుభ్రమైన చోట తెచ్చి, పూర్తిగా ఉడికించాలి. క్లాసులో ఈ లెక్క వేసినప్పుడు, బోర్డు మీద బీట్‌రూట్ అంకె చూసి నోట్సు రాసుకున్న పిల్లలే నల్ల అనగానే మొహాలు చిట్లించారు. వెనక బెంచీలో ఒకమ్మాయి మాత్రం "మా ఇంట్లో ఆదివారం చేస్తారు మేడమ్" అంది, కొంచెం ఆలస్యంగా, కొంచెం చిన్నగా. రక్తం పెంచే తిండ్ల జాబితాలు తయారుచేసేది ఎవరి వంటిళ్ళో ఆ రోజు ఆలోచించాను. పళ్ళ దుకాణంలో దొరికేవి జాబితాలో ఉంటాయి, మాంసం కొట్టు మూల చవగ్గా దొరికేవి ఉండవు.

శాకాహారులకి ఆ దారి లేదు. మా మరదలు శాకాహారే. కాబట్టి మాత్ర దగ్గరికి రావాలి.

మాత్ర

ఆ ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. పదో వంతు ఇంకినా ఆరు మిల్లీగ్రాములు. అంటే రోజువారీ ఖర్చులో తక్కువ పడేది పోగా, పాయింటుకి మూడు వారాలు. నాలుగు పాయింట్లకి మూడు నెలలకి కాస్త అటూ ఇటూ, ఆ తర్వాత నిల్వ నిండడానికి ఇంకో మూడు నెలలు. బీట్‌రూట్‌తో ఏళ్ళు పట్టేది ఇక్కడ నెలల్లో అయిపోతుంది.

వేడి చేస్తుందన్న మాటని నేను కొట్టిపారెయ్యను. కడుపులో మంట, వికారం, మలబద్ధకం, నల్లటి విరేచనం, ఇవన్నీ నిజంగానే వస్తాయి. నలుపు ఒక్కటే భయపడనక్కర్లేనిది, ఇంకని ఐరన్ రంగు అది. "బిడ్డ నల్లగా పుడుతుంది" అనే మాట మాత్రం ఆ నలుపులోంచే పుట్టిందేమో అనిపిస్తుంది, అందులో నిజం లేదు. మిగతా బాధలకి ఉపాయం ఉంది. ఒక మాత్ర పడగానే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోను విడుదల చేసి, మర్నాటి ఐరన్‌కి తలుపు సగం మూస్తుంది. 2017లో వచ్చిన ఒక పరిశోధనలో ఐరన్ నిల్వలు తగ్గిన ఆడవాళ్ళకి రోజు విడిచి రోజు ఇస్తే, మాత్రకి ఇంకే శాతం పెరిగింది. కడుపు తట్టుకోలేక మొత్తం మానేసేవాళ్ళు డాక్టరుని అడిగి ఇలా వేసుకోవచ్చు. గర్భిణులు మాత్రం సొంతంగా తగ్గించుకోకూడదు, వాళ్ళకి సమయం తక్కువ.

మాత్రతో పాటు నిమ్మరసం తప్పనిసరి అని ఇంకో నమ్మకం ఉంది. చైనాలో 2020లో వచ్చిన ఒక పరీక్షలో సీ విటమిన్ మాత్ర కలిపినవాళ్ళకీ కలపనివాళ్ళకీ హిమోగ్లోబిన్ పెరుగుదలలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. భోజనంలోని కాస్త ఐరన్‌కి నిమ్మకాయ అవసరం, 60 మిల్లీగ్రాముల మాత్రకి అంతగా కాదు. మంచినీళ్ళతో, కాఫీకి దూరంగా వేసుకుంటే చాలు.

ఇంత చెప్పాక మా మరదలు అడిగింది మంచి ప్రశ్న. "సరే వదినా, అసలు 8కి ఎందుకు పడిపోయింది?" లెక్కలో నేను నెలసరికి 40 మిల్లీలీటర్లు వేశాను. ఆమెకి రోజుకి ఏడెనిమిది ప్యాడ్లు, గడ్డలు గడ్డలుగా, వారం పైన. 80 మిల్లీలీటర్లు దాటితేనే అధిక రక్తస్రావం అంటారు, ఈమెది అంతకన్నా ఎక్కువే అయ్యుంటుంది. ఆ రంధ్రం పూడ్చకుండా పైనుంచి ఏం పోసినా నిలవదు. స్త్రీల డాక్టరు దగ్గరికి పంపితే స్కానింగులో గర్భాశయంలో ఫైబ్రాయిడ్ కనిపించింది.

అందరికీ ఇదే ఉంటుందని కాదు. ఫెరిటిన్ పరీక్షలో నిల్వ తగ్గినట్టు తేలితేనే అది ఐరన్ లోపం. ఫెరిటిన్ బాగుండి హిమోగ్లోబిన్ తగ్గితే, శాకాహారుల్లో బీ12 చూడాలి. కణాలు మరీ చిన్నవిగా ఉండి ఏళ్ళ తరబడి 10, 11 దగ్గరే ఆగిపోయినవాళ్ళలో తలసీమియా లక్షణం ఉందేమో చూడాలి, అది ఉంటే ఐరన్ పోసినా పెరగదు. మగవాళ్ళలో, నెలసరి ఆగిన ఆడవాళ్ళలో ఐరన్ తగ్గిందంటే కడుపులోనో పేగులోనో రక్తం కారుతోందేమో వెతకాల్సిందే, అక్కడ దానిమ్మ రసంతో కాలం గడపడం ప్రమాదం. మాత్రలు సరిగ్గా వేసుకుంటే నాలుగు వారాలకి కనీసం ఒక పాయింటు పెరగాలి. అదే ల్యాబులో, నరంలోంచి తీసిన రక్తంతోనే మళ్ళీ చూపించుకోమన్నాను. పెరగకపోతే మాత్ర కంపెనీ మార్చడం కాదు, కారణం వెతకాలి, అవసరమైతే ఐరన్‌ని నేరుగా నరంలోకి ఎక్కిస్తారు.

జ్యూస్ మానాలా అని అడిగింది. రుచి నచ్చితే తాగమన్నాను. నచ్చదట. అయితే మానెయ్యమన్నాను.